చెప్పిన జవాబునే మళ్లీ చెప్పించాలి: మాక్ ఇంటర్వ్యూ ఎలా పనిచేస్తుంది?

మాక్ ఇంటర్వ్యూలు చాలావరకు ఒకే తీరుగా ముగుస్తాయి. సీనియరో, కోచో అరగంటపాటు ప్రశ్నలు వేస్తారు. చివర్లో "బాగానే చెప్పావు, కాన్ఫిడెన్స్ కాస్త పెంచుకో, బాడీ లాంగ్వేజ్ చూసుకో" అంటారు. అభ్యర్థి థాంక్స్ చెప్పి వెళ్లిపోతాడు. వారం తర్వాత అసలు ఇంటర్వ్యూలో అదే ప్రశ్న ఎదురైతే అదే జవాబు, అదే చోట తడబాటు. ఇందులో అభ్యర్థి శ్రద్ధకు వచ్చిన లోటేమీ లేదు. ఆ అరగంటలో జవాబును మార్చే పని ఏదీ జరగలేదు, అంతే.

ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలు, మనిషి మెరుగుపడతాడని మనం అనుకుంటాం. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డినీసి అనే ఇద్దరు మనోవిజ్ఞాన పరిశోధకులు ఈ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించారు. ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను సేకరించి, 600కు పైగా ఫలితాలను ఒకచోట పెట్టి లెక్కగట్టారు. సగటు చూస్తే ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా ఫలితాల్లో అది పనితీరును దిగజార్చింది. ఎందుకు దిగజార్చిందన్న దానికి వాళ్లిచ్చిన వివరణ మాక్ ఇంటర్వ్యూకు సరిగ్గా వర్తిస్తుంది. వినే మనిషి దృష్టి చేస్తున్న పని మీద నిలిస్తే ఫీడ్‌బ్యాక్ ఉపయోగపడుతుంది. ఆ దృష్టి "నేనెలాంటివాణ్ని, నా గురించి వీళ్లేమనుకుంటున్నారు" అన్నవైపు మళ్లితే పని దెబ్బతింటుంది. "నీకు కాన్ఫిడెన్స్ తక్కువ" అన్న మాట రెండో రకం. పొగడ్త కూడా దృష్టిని అటే తిప్పగలదు. "మీ జవాబులో మొదటి రెండు నిమిషాలు ప్రాజెక్టు గురించే చెప్పారు, మీరు చేసిన పని ఒక్క వాక్యంలో అయిపోయింది" అన్నది మొదటి రకం. ఈ మాట విన్నవాళ్లకు వెంటనే చేయడానికి ఒక పని దొరుకుతుంది.

ఈ తేడాను ఆధారంగా చేసుకుని ఒక మాక్ ఇంటర్వ్యూను మొదటినుంచి చివరిదాకా నడిపిద్దాం. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదివి, మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. వేరే కంపెనీలో సీనియర్ టెస్టర్ ఉద్యోగానికి టెక్నికల్ రౌండ్ దాటింది. మిగిలింది మేనేజర్ రౌండ్. తెలిసినవాళ్లు చెప్పగా ఒక కెరీర్ కోచ్‌కు మెసేజ్ పెట్టింది:

"నమస్తే మేడమ్. ఈ నెల 24న నాకు మేనేజర్ రౌండ్ ఉంది. వీడియో కాల్, 45 నిమిషాలు, ఇద్దరు అడుగుతారని హెచ్.ఆర్. చెప్పారు. ఉద్యోగ వివరణ, నా రెజ్యూమె జతచేశాను. టీమ్‌లో ఎవరితోనైనా పేచీ వచ్చిందా అని అడిగితే నాకు ఏమీ తోచదు. 14 గానీ 15 గానీ సాయంత్రం ఏడు దాటాక వీలవుతుందా?"

మెసేజ్ చిన్నదే అయినా కోచ్‌కు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. ఏ రౌండ్, ఎంతసేపు, ఎలా జరుగుతుంది, ఎదురుగా ఎంతమంది ఉంటారు, ఏ ఉద్యోగానికి అన్నవి తెలియకపోతే కోచ్ చేతిలో మిగిలేవి "మీ గురించి చెప్పండి", "మీ బలహీనతలేమిటి" వంటి అరిగిపోయిన ప్రశ్నలే. అన్నిటికంటే విలువైనది చివరి సంగతి, తను ఎక్కడ ఆగిపోతుందో తనే చెప్పడం. కోచ్ దాన్ని గుర్తుపెట్టుకుని ఆ ప్రశ్నను మధ్యలో ఎక్కడో వేస్తుంది. మొదట్లోనే వేస్తే మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ దెబ్బతోనే నడుస్తుంది.

తేదీ కూడా ఆలోచించి పెట్టుకున్నదే. అసలు ఇంటర్వ్యూకు ముందురోజు పెట్టుకునే మాక్ వల్ల లాభం తక్కువ, కంగారు ఎక్కువ. తప్పు తెలుస్తుంది గానీ సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. తొమ్మిది పది రోజుల ముందు ఒకటి, మూడు నాలుగు రోజుల ముందు ఇంకొకటి చేయగలిగితే మంచిది. ఒక్కటే కుదిరేట్టయితే ముందుదే ఎంచుకోవాలి.

కోచ్ జవాబిచ్చింది: "15న ఏడున్నరకు పెట్టుకుందాం. గంటంబావు ఖాళీ ఉంచుకోండి. 24న ఏ గదిలో, ఏ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారో అక్కడినుంచే రండి, ఆరోజు వేసుకోబోయే బట్టలే వేసుకోండి. నేను కాల్‌లోకి వచ్చిన క్షణం నుంచి ఇంటర్వ్యూయర్‌నే. పలకరింపులు, సందేహాలు అన్నీ అయ్యాకే. మీకు ఇష్టమైతే రికార్డు చేద్దాం. ఫైలు మీ దగ్గరే ఉంటుంది."

రికార్డింగ్‌కు ముందే అనుమతి అడగడం, ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ వీడియో ఎవరు చూస్తారో తెలియకపోతే అభ్యర్థి దృష్టి జవాబును వదిలేసి తన మీదకే పోతుంది. క్లూగర్, డినీసి చెప్పిన చిక్కు ఫీడ్‌బ్యాక్ మొదలుకాకముందే వచ్చిపడుతుంది.

ఇక తయారీ. ఇలాంటి రౌండ్లలో చాలా ప్రశ్నలు "ఒక సందర్భం చెప్పండి" అని మొదలవుతాయి. మనిషి ముందుముందు ఏం చేస్తాడో తెలియాలంటే ఇదివరకు అలాంటి పరిస్థితిలో ఏం చేశాడో అడగాలన్నది వీటి వెనుక ఉన్న ఆలోచన. 1982లో టామ్ జాంజ్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని మామూలు పిచ్చాపాటీ ఇంటర్వ్యూతో పోల్చి చూశాడు. గతంలో చేసిన పనిని తవ్వి అడిగే ఇంటర్వ్యూలే ఉద్యోగంలో పనితీరును మెరుగ్గా ముందుగా చెప్పగలిగాయి. అందుకే ఇంటర్వ్యూయర్‌కు కావలసింది అభ్యర్థి అభిప్రాయాలు కాదు, జరిగిన సంఘటనలు. "నేను టీమ్ ప్లేయర్‌ని" అంటే రాసుకోవడానికి ఏమీ లేదు. ఒక రోజు, ఒక చిక్కు, ఒక నిర్ణయం చెబితే రాసుకోవడానికి ఏదో ఉంటుంది.

కాబట్టి కోచ్ ఆ అమ్మాయిని జవాబులు రాసుకోమనలేదు. తన మూడేళ్ల పనిలోంచి ఆరు సంఘటనలు ఏరుకోమంది. ఎవరితోనైనా మాట పడనిది, తను తప్పు చేసి దిద్దుకున్నది, గడువు మీద పడినది, ఎవరూ చెప్పకుండా తనే పూనుకుని చేసినది, కొత్తది త్వరగా నేర్చుకోవలసి వచ్చినది, అనుకున్నది జరగనిది. ఒక్కో సంఘటనకు ఒక చిన్న కాగితం, దాని మీద నాలుగు వరుసలు. పరిస్థితి ఏమిటి, అందులో తన బాధ్యత ఏమిటి, తను ఏం చేసింది, చివరికి ఏమైంది. శిక్షణ తరగతుల్లో దీన్నే స్టార్ పద్ధతి అంటారు. ప్రతి వరుసలో నాలుగైదు మాటలే ఉండాలి. పూర్తి వాక్యాలు రాస్తే అవి బట్టీగా మారతాయి. బట్టీ పట్టిన జవాబును పసిగట్టడం ఏమంత కష్టం కాదు. మాట వేగం పెరుగుతుంది, కళ్లు ఒకేచోట నిలిచిపోతాయి, మధ్యలో "అదెందుకు చేశారు?" అని అడ్డుపడితే చెప్పేవాళ్లు వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకుంటారు.

ఆరు కాగితాలు సిద్ధమయ్యాక ఏం చేయాలన్న దగ్గర చాలామంది దారి తప్పుతారు. వాటిని చదువుతూ కూర్చుంటారు. చదివిన ప్రతిసారీ తేలిగ్గా అనిపిస్తుంది, వచ్చేసిందనుకుంటారు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. అందరికీ చదవడానికి ఒక పాఠం ఇచ్చారు. కొందరిని దాన్ని మళ్లీ చదవమన్నారు. మిగతావాళ్లను పాఠం పక్కనపెట్టి గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. ఇంటర్వ్యూ కూడా వారం తర్వాతి పరీక్షే. అందుకని కాగితం బోర్లా పెట్టి, పైకి వినబడేలా, నిలబడో నడుస్తూనో చెప్పుకోవాలి. అయ్యాక తిప్పి చూసి, ఏది తప్పిపోయిందో గమనించుకోవాలి. రోజుకు రెండు సంఘటనలు చాలు. మర్నాడు వేరే రెండు. మొదట తెలుగులోనే చెప్పుకోవచ్చు, నన్నడిగితే అదే మంచిది. సంఘటనే చిక్కుపడి ఉంటే ఇంగ్లీషు ఎంత బాగున్నా అది విడివడదు. కథ తేటపడ్డాక ఇంగ్లీషులో చెబితే తడుముకునేది కొన్ని మాటల దగ్గరే.

తయారీలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పని ఒకటుంది. ప్రతి సంఘటనకు వెనక వచ్చే ప్రశ్నలను ఊహించుకోవడం. ఆ దారే ఎందుకు ఎంచుకున్నారు? అవతలి మనిషి ఏమన్నాడు? మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం మారుస్తారు? ఈ మూడింటికీ తొణక్కుండా చెప్పగలిగితే ఆ సంఘటన నిజంగా తనదే. వేరొకరి కథను తనదిగా చెప్పుకుంటే సాధారణంగా రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతారు. కోచ్ దగ్గర దొరికితే నష్టం లేదు. అసలు ఇంటర్వ్యూలో దొరికితే మిగిలిన ఐదు నిజమైన కథలను కూడా అనుమానంతోనే వింటారు.

15వ తేదీ ఏడున్నరకు కాల్ మొదలైంది. కోచ్ మామూలుగా ఎలా నవ్వుతుందో అలా నవ్వలేదు, నమస్కారం చెప్పి నేరుగా ప్రశ్నలోకి వెళ్లింది. అరగంటసేపు ఎక్కడా ఆపలేదు. ఇది చాలా అవసరం. తప్పు విన్న ప్రతిసారీ ఆపి సరిచేస్తే అది పాఠం అవుతుంది గానీ ఇంటర్వ్యూ కాదు. ఒక జవాబు చెడిపోయాక తర్వాతి ప్రశ్నకు తేరుకోవడం కూడా సాధన చేయవలసిన విద్యే. మధ్యలో ఆపితే దానికి అవకాశమే పోతుంది.

నాలుగో ప్రశ్నగా వచ్చింది ఆ అమ్మాయి భయపడిందే: "సహోద్యోగితో మీకు అభిప్రాయభేదం వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి." ఇంగ్లీషులో తను చెప్పిన జవాబు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"మాది ఆన్‌లైన్ షాపింగ్ క్లయింట్ ప్రాజెక్టు. అందులో ఆరు మాడ్యూళ్లు ఉంటాయి. మొదటిది లాగిన్, తర్వాత కేటలాగ్... మేము చెకవుట్ చూసేవాళ్లం. రెండు వారాలకోసారి రిలీజ్ ఉండేది... ఒకసారి రిలీజ్‌కు ముందు ఒక ఇష్యూ వచ్చింది. డెవలపర్ అది బగ్ కాదన్నారు. తర్వాత మేము మాట్లాడుకున్నాం. టీమ్‌గా పరిష్కరించుకున్నాం. క్లయింట్ కూడా హ్యాపీ."

ఈ జవాబు రెండు నిమిషాల యాభై సెకన్లు సాగింది. అందులో రెండు నిమిషాలు ప్రాజెక్టు వర్ణనకే పోయాయి. కోచ్ చేతిలోని కాగితం మీద పడిన రాత ఇది: "11:20 మొదలు. 13:20 దాకా ప్రాజెక్టు. 'మేము మాట్లాడుకున్నాం' — ఎవరు? ఏం? 'పరిష్కరించుకున్నాం' — ఎలా?" ఆ రాతలో ఒక్క విశేషణం కూడా లేదు. బలహీనం, అస్పష్టం, భయం లాంటి మాటలు కోచ్ రాసుకోలేదు. నిమిషం, విన్న మాట, తనకు కలిగిన ప్రశ్న, అంతే. అరగంట తర్వాత జ్ఞాపకం నుంచి ఫీడ్‌బ్యాక్ ఇస్తే మనసులో మిగిలేది మొత్తం మీద కలిగిన అభిప్రాయమే. ఒక విషయంలో నచ్చిన మనిషి అన్నిటిలోనూ బాగున్నట్టు తోచడాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే గుర్తించాడు. నిమిషాలవారీగా అన్న మాటలను అన్నట్టే రాసుకోవడం దానికి కొంతవరకు విరుగుడు.

కోచ్ ఇంటర్వ్యూయర్‌గానే ఉండి ఒక అనుబంధ ప్రశ్న వేసింది: "డెవలపర్ కాదన్న తర్వాత మీరు ఏం చేశారు?" అప్పుడు అసలు సంగతి బయటపడింది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు కస్టమర్ 'చెల్లించు' బటన్‌ను రెండోసారి నొక్కితే రెండు ఆర్డర్లు పడుతున్నాయి. డెవలపర్ తన సిస్టమ్‌లో అది రావడం లేదన్నాడు. ఈ అమ్మాయి బ్రౌజర్‌లో నెట్ వేగాన్ని కావాలని తగ్గించి ఇరవైసార్లు ప్రయత్నిస్తే ఆరుసార్లు రెండు ఆర్డర్లు పడ్డాయి. ఆ స్క్రీన్ రికార్డు చేసి, అతని సీటు దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుని చూపించింది. పూర్తిగా సరిచేయాలంటే రిలీజ్ వాయిదా పడుతుంది కాబట్టి, మొదటి నొక్కుకే బటన్ పనిచేయడం ఆగిపోయేలా ఈ రాత్రికి మార్చి, మిగతాది తర్వాతి రిలీజ్‌లో చేద్దామని తనే అంది. అలాగే చేశారు. రిలీజ్ ఆగలేదు.

బంగారంలాంటి కథ, మొదటి జవాబులో ఎక్కడా కనబడలేదు. మన పిల్లల జవాబుల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపించే లోపం. 'నేను చేశాను' అంటే గొప్పలు పోయినట్టుంటుందని పెరిగిన పద్ధతి వాళ్లకు నేర్పింది, అందుకని 'మేము' చాటున దాక్కుంటారు. ఆ వినయం మీద నాకు గౌరవమే ఉంది. కానీ ఎదుటి మనిషి చేతిలో ఉన్న మార్కుల పట్టీకి అది అందదు.

ఆ పట్టీ సంగతి తెలిస్తే ఫీడ్‌బ్యాక్ సగం అర్థమైనట్టే. పద్ధతిగా ఇంటర్వ్యూలు జరిపే కంపెనీల్లో మార్కులు వేయడానికి తరచూ 1 నుంచి 5 దాకా ఒక కొలత ఉంటుంది, ఒక్కో అంకె పక్కన ఎలాంటి ప్రవర్తనకు ఆ అంకె వేయాలో రాసి ఉంటుంది. ఈ రకం కొలతలకు మూలం 1963లో పాట్రీషియా స్మిత్, లోర్న్ కెండాల్ చేసిన పని. అభిప్రాయభేదం ప్రశ్నకు కోచ్ తయారుచేసుకున్న కొలతలో 1 పక్కన "సంఘటన ఏదీ చెప్పలేదు, లేదా తప్పంతా అవతలివాళ్లదే అన్నారు" అని ఉంది. 3 పక్కన "సంఘటన ఉంది, తను చేసిన పని కొంత తెలిసింది, అవతలివారి వాదన తెలియలేదు". 5 పక్కన "అవతలివారి వాదన న్యాయంగా చెప్పారు, ఆధారం సేకరించారు, ఒక దారి ప్రతిపాదించారు, ఫలితం చెప్పారు". ఆ అమ్మాయి మొదటి జవాబుకు పడింది 2. తన గుణగణాలకు పడిన మార్కు కాదది, ఆ మూడు నిమిషాల్లో వినిపించిన మాటలకు పడిన మార్కు.

అరగంట ప్రశ్నలు ముగిశాక కోచ్ రెండు నిమిషాలు విరామం ఇచ్చింది, మంచినీళ్లు తాగి రమ్మంది. వచ్చాక ముందు తను మాట్లాడలేదు. "మళ్లీ చెప్పాలంటే ఏ జవాబు మార్చి చెబుతారు?" అని అడిగింది. ఈ ప్రశ్న ముందు రావడానికి కారణముంది. అభ్యర్థి తనే పట్టుకున్న లోపాన్ని కోచ్ మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ సమయం తనకు కనిపించని లోపానికి మిగులుతుంది. ఆ అమ్మాయి అంది: "నాలుగోది మేడమ్. చాలా టెన్షన్ పడ్డాను, మీకు తెలిసిపోయి ఉంటుంది." కోచ్ అంది: "మీరు టెన్షన్ పడ్డారని నాకు కనబడలేదు. ప్రాజెక్టు గురించి ఎక్కువ చెప్పారని మాత్రం కనబడింది."

ఓదార్పు కోసం అన్న మాట కాదది. లోపల గుండె దడదడలాడుతుంటే అది బయటికి ఎంత కనిపిస్తోందో మనం సాధారణంగా ఎక్కువగా అంచనా వేసుకుంటాం. కెన్నెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసం ఇవ్వబోయే కొందరికి ఈ సంగతి ముందే వివరంగా చెప్పారు. "మీ కంగారు మీరనుకున్నంతగా బయటికి కనబడదు" అని తెలుసుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే మెరుగ్గా మాట్లాడారు, విన్నవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. "కంగారు పడకండి" అని చెప్పడం వేరు, "కంగారు కనబడదు" అని చెప్పడం వేరు. కోచ్‌కు నిజంగా కనబడలేదు కాబట్టే ఆ మాట అంది. కనబడి ఉంటే ఎక్కడ, ఎలా కనబడిందో చెప్పేది.

తర్వాత కోచ్ రెండే రెండు విషయాలు చెప్పింది. ఆమె కాగితం మీద పదకొండు ఉన్నాయి. 'యాక్చువల్లీ' అన్న మాట పదేపదే రావడం, వెనక లైటు వెలుతురుకు ముఖం నల్లగా కనబడటం, చివర్లో ఆ అమ్మాయి అడగవలసిన ప్రశ్నలు లేకపోవడం, ఇంకా కొన్ని. వెలుతురు సంగతి ఒక్క వాక్యంలో మెసేజ్ పెడితే సరిపోతుంది. 'యాక్చువల్లీ' గురించి ఇప్పుడే చెబితే, వచ్చే పది రోజులు ఆ అమ్మాయి జవాబు మానేసి ఆ మాటనే లెక్కపెట్టుకుంటుంది. ఏది వదిలేయాలో తేల్చుకోవడం కోచ్ పనిలో కష్టమైన భాగం. నా దృష్టిలో మంచి కోచ్‌నూ మామూలు కోచ్‌నూ వేరుచేసేది కూడా అదే. ఉచ్చారణ విషయంలో నాదొక గట్టి అభిప్రాయం: మాట అర్థం కానప్పుడు తప్ప యాస జోలికి పోకూడదు. పది రోజుల్లో యాస మారదు, మారుతుందేమోనన్న ఆరాటంలో కథ పోతుంది.

కోచ్ చెప్పిన రెండిట్లో మొదటిది: "ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు చెప్పారు. వినేవాళ్లు అప్పటిదాకా ఏమీ రాసుకోలేరు. రెండు వాక్యాల్లో ముగించి నేరుగా బటన్ సంగతికి రండి." రెండోది: "'మాట్లాడుకున్నాం' అన్నచోట మీరు చేసినవి నాలుగు పనులున్నాయి. నెట్ తగ్గించి పరీక్షించారు, రికార్డు చేశారు, వెళ్లి చూపించారు, మధ్యేమార్గం చెప్పారు. ఈ నాలుగిటికీ 'నేను' వాడండి. బటన్ మార్చింది డెవలపర్ కాబట్టి అక్కడ ఆయన పేరే చెప్పండి." రెండు సూచనల్లోనూ విన్నదేమిటి, దానివల్ల వినేవాళ్లకు ఏమవుతుంది, బదులుగా ఏం చేయాలి అన్నవి ఉన్నాయి. "కాన్ఫిడెన్స్" లేదు.

ఇక్కడితో కాల్ ముగించేస్తే చెప్పిందంతా వృథా. కోచ్ వెంటనే మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి జవాబు ఇలా వచ్చింది:

"నేను ఒక షాపింగ్ సైటులో చెకవుట్ పేజీని టెస్ట్ చేసేదాన్ని. రిలీజ్‌కు ముందురోజు, నెట్ నెమ్మదిగా ఉంటే ఒకే కస్టమర్‌కు రెండు ఆర్డర్లు పడటం గమనించాను. డెవలపర్ తన సిస్టమ్‌లో రావట్లేదు కాబట్టి అది బగ్ కాదన్నారు. ఆయన సిస్టమ్‌లో నెట్ వేగంగా ఉంది, ఆయనన్నది ఆయన చూసినంతవరకు నిజమే. నేను నెట్ వేగం తగ్గించి ఇరవైసార్లు ప్రయత్నించాను, ఆరుసార్లు వచ్చింది. దాన్ని రికార్డు చేసి ఆయన పక్కన కూర్చుని చూపించాను..."

నిమిషం నలభై సెకన్లలో ముగిసింది. కోచ్ 4 వేసింది. ఐదెందుకు కాలేదంటే, రిలీజ్ తర్వాత ఆ రెండు ఆర్డర్ల సమస్య నిజంగా ఆగిందా లేదా అన్నది తను చెప్పలేదు. అది ఆ అమ్మాయికే గుర్తులేదు. పాత రికార్డులు చూసుకోమని కోచ్ చెప్పింది. చూసుకుని దొరక్కపోతే ఊహించి ఒక అంకె పెట్టుకోవద్దని కూడా చెప్పింది.

రికార్డింగ్ చూసుకోవడానికి కూడా ఒక పద్ధతుంది. తన వీడియో తనే చూస్తే చాలామందికి మనసు కుంగుతుంది. ఎందుకంటే వాళ్లు తెర మీద ఉన్న మనిషిని చూడరు, ఆ క్షణంలో తమకు కలిగిన భావాన్నే మళ్లీ అనుభవిస్తారు. 2000 సంవత్సరంలో ఆలిసన్ హార్వే బృందం ప్రచురించిన ప్రయోగంలో, కొందరిని వీడియో చూసే ముందు "మీరు ఎలా కనబడతారనుకుంటున్నారు?" అని వివరంగా చెప్పమన్నారు. ఆ తర్వాత ఒక అపరిచిత వ్యక్తిని చూసినట్టు చూడమన్నారు. ఏ సన్నాహం లేకుండా చూసినవాళ్లకంటే వీళ్లకు తాము బాగానే మాట్లాడామని ఎక్కువగా అనిపించింది. కోచ్ అదే చేయించింది. చూడకముందు మూడు ఊహలు రాసుకోమంది. గొంతు వణుకుతుంది, చేతులు ఊపుతాను, కళ్లు కిందికి పోతాయి అని ఆ అమ్మాయి రాసుకుంది. వీడియోలో గొంతు వణకలేదు, చేతులు ఫ్రేములోనే లేవు, కళ్లు మాత్రం నిజంగానే కిందికి పోయాయి, అదీ కాగితం టేబుల్ మీద ఉన్నందువల్ల. కాగితాన్ని కెమెరా పక్కన అతికిస్తే సరిపోయింది.

మాక్ ఇంటర్వ్యూ చేయలేనివీ ఉన్నాయి. విషయ పరిజ్ఞానాన్ని అది పెంచలేదు. టెస్టింగ్‌లో తెలియనిది పది రోజుల్లో కోచ్ నేర్పలేదు, నేర్పుతానంటే నమ్మకూడదు. కోచ్ వేసే మార్కు ఆ కంపెనీ వేసే మార్కు కాదు. మొదటి జవాబుకూ రెండో జవాబుకూ మధ్య తేడా చెప్పడానికి మాత్రమే అది పనికొస్తుంది. ఇద్దరు కోచ్‌లను అడిగితే కొన్నిసార్లు ఒకరు "ఇంకా చెప్పండి" అంటారు, ఒకరు "తగ్గించండి" అంటారు. అప్పుడు రికార్డింగ్ తీసి, వాళ్లు ఏ వాక్యం గురించి ఆ మాట అన్నారో అడగాలి. వాక్యం చూపించగలిగినవారి మాటకు విలువ ఎక్కువ. జవాబును కోచే కూర్చి ఇస్తే అది పూర్తిగా వేరే ప్రమాదం. ఆ వాక్యాలు ఎంత అందంగా ఉన్నా, అనుబంధ ప్రశ్నకు కోచ్ పక్కన ఉండరు.

ఇరవయ్యో తేదీన రెండో మాక్ జరిగింది. ఈసారి ప్రశ్నలు వేసింది కోచ్ కాదు, ఆమెకు తెలిసిన వేరొక మేనేజర్. అలవాటైన ముఖం ముందు వచ్చిన మెరుగుదల కొత్త ముఖం ముందు నిలుస్తుందో లేదో తెలియాలంటే మనిషిని మార్చాలి. కొలత మాత్రం అదే. అభిప్రాయభేదం ప్రశ్నను ఆయన వేరేలా అడిగారు: "మీ మేనేజర్ నిర్ణయం మీకు నచ్చనప్పుడు ఏం చేశారు?" బటన్ కథ దీనికి సరిపోదు, ఆ అమ్మాయి వేరే కాగితంలోని సంఘటన చెప్పింది. ప్రాజెక్టు వర్ణన రెండు వాక్యాల్లో అయిపోయింది. 'నేను' సరైన చోట్ల వచ్చింది. మార్కు 3, ఎందుకంటే మేనేజర్ వాదనేమిటో చెప్పడం మరిచింది. మొదటి మాక్‌లో నేర్చుకున్నది ఒక్క కథకే అతుక్కుపోలేదని ఆ 3 చెబుతోంది. తర్వాతి నాలుగు రోజులకు మిగిలిన పని ఏమిటో కూడా అదే చెప్పింది.

24న అసలు ఇంటర్వ్యూ ముగిసిన అరగంటలోపు, మరిచిపోకముందే, తనను అడిగిన ప్రశ్నలన్నీ రాసి పంపమని కోచ్ ముందే చెప్పి ఉంచింది. ఎంపికైందా లేదా అన్నది కంపెనీ చెప్పడానికి వారాలు పట్టవచ్చు, అసలు చెప్పకపోవచ్చు, చెప్పినా కారణం చెప్పడం అరుదు. కోచ్ తన ప్రశ్నలు ఎంత దగ్గరగా ఉన్నాయో సరిచూసుకోవడానికి దొరికేది ఆ జాబితా ఒక్కటే. ఆ సాయంత్రం ఆ అమ్మాయి తొమ్మిది ప్రశ్నలు పంపింది. అందులో రెండు, కోచ్ ఎప్పుడూ అడగనివి.